పొడి అన్న ఒక్క మాట

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఆ వారం జరిగినదాంట్లో సగం ఆ కోపం చేసిన పనే. మిగతా సగం పగటి కలలది. ల్యాబులో రోటావేపర్ అని ఒక యంత్రం ఉంటుంది. గుండ్రటి గాజు ఫ్లాస్కు వేడినీళ్ల తొట్టిలో సగం మునిగి, వాలుగా పడుకుని, మెల్లగా తిరుగుతూ ఉంటుంది. లోపలి ద్రావకం ఆవిరై పైన చల్లటి గాజుచుట్టల్లో చుక్కలు చుక్కలుగా కూడుతుంది. దాని ముందు నిలబడితే నాకు కాలం తెలియదు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద ఎండలో ఆటో కోసం గొడవపడి వచ్చినదాన్ని నేనేనా అనిపిస్తుంది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడతాను, ఉలిక్కిపడినందుకు కోపం వస్తుంది, పిలిచినవాళ్ల మీద అరుస్తాను.

అప్పుడు నేను పనిచేసిన ల్యాబు నాచారంలో, రెండో అంతస్తులో. కిటికీలోంచి పక్క ఫ్యాక్టరీ రేకుల కప్పు, దాని మీద నిద్రపోయే రెండు పిల్లులు, ఆ వెనక నీళ్ల ట్యాంకు కనిపించేవి. పొద్దున పదింటికల్లా ఘాటు ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్లన్నీ ఒక్కసారి హోరుమనేవి. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ హోరుతో తల నొప్పి పుట్టేది. నాకు మాత్రం అది జోలపాటే. ఆ హోరులో అణువుల గురించి ఆలోచించడమంటే ఇష్టం. అవి కనిపించవు కాబట్టి ఎలాగైనా ఊహించుకోవచ్చు.

ఆయన మా దగ్గరికి వచ్చింది ఎండాకాలం చివర్లో. వయసు నలభై ఎనిమిది. చదివింది బీఎస్సీ. జనగామ వైపు నుంచి వచ్చి మేడిపల్లిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒక కెమికల్ ప్లాంటులో పెద్ద పెద్ద రియాక్టర్ల దగ్గర పనిచేశాడు. ఆ ప్లాంటు మూతపడింది. మా పెద్దసారు ఆయన్ని ఆరు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత ఉంచాలా పంపించాలా అన్నది టీమ్ లీడర్ రాసే రిపోర్టును బట్టి ఉంటుంది. ఆ టీమ్ లీడర్ని నేను.

మొదటి వారంలోనే ఒకసారి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "గీ నౌకరి పోతె నన్నెవరు తీస్కుంటరు మేడం? ఎంఎస్సీ పిల్లలే గల్లీ గల్లీకి పది మంది ఉన్నరు. నాకు ఇగ వాచ్‌మెన్ నౌకరే." నవ్వుతూనే అన్నాడు కానీ చేతులు మాత్రం అవసరం లేకున్నా రెండోసారి సబ్బు పెట్టుకుని కడుక్కున్నాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. ఆయన నన్ను మేడం అనేవాడు. వయసులో పదేళ్లు చిన్నదాన్నయినా ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ తడబడలేదు.

ఆయన ట్రయల్ ముగిసే నెలలోనే ఆ ఆర్డర్ వచ్చింది. ఒకే అణువు. దాని తోక చివర వేలాడే మెసిలేట్ అనే గుంపును తన్ని తరిమేసి, ఆ చోట ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ పెట్టాలి. అంటే నాలుగు వేర్వేరు సీసాలు, నలుగురు అన్నదమ్ములు. ఆవర్తన పట్టికలో ఈ నాలుగూ ఒకే నిలువు వరసలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన ఫ్లోరిన్ చిన్నది, కిందికి దిగేకొద్దీ లావెక్కుతూ పోతాయి. అయొడైడు పని నేను ఒక్క మధ్యాహ్నంలో ముగించాను. బ్రోమైడు, క్లోరైడు మిగతావాళ్లు చేశారు. ఫ్లోరైడు ఆయనకు ఇచ్చాను. అదే అన్నిటికంటే మొండిది అని తెలిసే ఇచ్చాను, పెద్దసారు ముందు ఆయన పేరు నిలబడుతుందని. అంత మంచిదాన్నే మరి.

పొటాషియం ఫ్లోరైడును మేం కేఎఫ్ అంటాం. ఉప్పులాంటి తెల్ల పదార్థం. గాలిలో తేమ కనిపిస్తే చాలు, పీల్చేసుకుంటుంది. ఆ తేమను లాగేయడానికి దాన్ని మిథనాల్లో కరిగించి, రోటా మీద మిథనాల్ను తీసేస్తాం. పోతూ పోతూ అది నీళ్లను వెంట తీసుకుపోతుంది. రియాక్షన్ జరిగేది డీఎంఎస్ఓ అనే ఇంకో ద్రావకంలో, ఉప్పు అందులో కరగడానికి క్రౌన్ ఈథర్ సాయపడుతుంది. ఆ రోజు నేను బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాను, ఆయన ఎక్కుతున్నాడు. నిలబడకుండానే చెప్పాను. "కేఎఫ్‌ను మిథనాల్ల కరిగించి రెండుసార్లు రోటా మీద తీసెయ్యన్నా. పొడి అయినంక డీఎంఎస్ఓల వేసి, జర క్రౌన్ ఈథర్ వేసి, వేడి మీద తిప్పు."

"సరే మేడం, పొడి అయినంకనే వేస్త" అన్నాడు.

మొదటిసారి రియాక్షన్ కదల్లేదు. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో మచ్చలుగా చూపే టీఎల్‌సీ ప్లేటు మీద మొదటి పదార్థం మచ్చ ఎక్కడిదక్కడే ఉంది. దాని పక్కన ఏదో చిన్న మచ్చ, పట్టించుకోదగ్గది కాదనుకున్నాను. రెండోసారి కొత్త డీఎంఎస్ఓ సీసా తెరిచాం. తేమ పరీక్ష చేశాం, నీళ్లు దాదాపు లేవు. అయినా అదే తంతు. మూడోసారి నేను పక్కనే నిలబడి చూశాను. ఆయన చెయ్యి వణకలేదు, ఒక్క చుక్క ఒలకలేదు, టైము తప్పలేదు. అయినా కాలేదు. అప్పటికి ఆర్డర్ ఇచ్చినవాళ్ల నుంచి రెండు మెయిళ్లు వచ్చాయి, పెద్దసారు నా టేబుల్ దగ్గరికి రెండుసార్లు వచ్చి వెళ్లారు. 

మంగళవారం మధ్యాహ్నం పెద్దసారుకు మెయిల్ రాశాను. పద్ధతిలో తప్పు లేదు, మనిషి చేతిలోనే లోపం ఉంది, ప్లాంటు అలవాటు ల్యాబుకు పనికిరాదు అని ఇంగ్లీషులో చక్కగా, పద్ధతిగా రాశాను. శనివారం రివ్యూ మీటింగు. ఆ మెయిల్ పంపిస్తే ఆయన నౌకరి పోతుందని నాకు తెలుసు. పంపించాను. ఆ తర్వాత వెళ్లి రోటా ముందు నిలబడి, తిరిగే ఫ్లాస్కును చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

ఆ వారమంతా నాకిప్పుడు తెల్లటి ఆవిరిలోంచి చూసినట్టే గుర్తుంది. వాన రాకుండానే ఆకాశం మసకగా ఉండేది. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు మీద పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాలు వరసగా, పైన ఏమీ మోయకుండా నిలబడి ఉండేవి. ఆ స్తంభాల కిందుగానే ఆయన రోజూ మేడిపల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. నేను ఆటోలో కూర్చుని ఆ స్తంభాల మధ్య ఆయన బండి కోసం వెతుక్కునేదాన్ని. కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేదాన్ని.

బుధవారం ఆయనే నా దగ్గరికి వచ్చాడు. మెయిల్ సంగతి ఆయనకు తెలియదు. చాయ్ తాగుదామని కిందికి పిలిచాడు. గేటు పక్క చాయ్ బండి దగ్గర, లారీల దుమ్ములో, స్టూలు మీద కూర్చుని అడిగాడు. "మేడం, ఒకటి అడుగుత, కోపానికి రాకుండ్రి. బేస్ అంటే హైడ్రోజన్‌ను గుంజుకునేది. అంతే కద? గీ నలుగురిల గట్టి బేస్ ఎవలు?"

"ఫ్లోరైడ్" అన్నాను. "కిందికి దిగుతుంటె బలం తగ్గుతది. అయొడైడ్ మస్తు వీక్ బేస్."

"మరి కార్బన్ మీదికి దుంకి మెసిలేట్‌ను తన్నేసుడుల గట్టిది ఎవలు?"

"గది ఏ సాల్వెంట్‌ల చేస్తున్నవ్ అన్నదాన్ని బట్టి ఉంటదన్నా. మిథనాల్ల అయితే అయొడైడే ముందు, ఫ్లోరైడ్ ఆఖరు. డీఎంఎస్ఓల అయితే ఉల్టా. ఫ్లోరైడే ముందు."

"ఒక్క తీరు మనిషే, ఊరు మారితే ఉల్టా ఎందుకైతడు?"

నాకు విసుగొచ్చింది. కానీ ఆయన కళ్లల్లో నిజంగా తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. నేలమీద పుల్లతో గీసి చెప్పాను. బేసు బలమంటే ప్రోటానును ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుంది అన్న లెక్క. చివరికి ఎక్కడ స్థిరపడుతుంది అన్న లెక్క. దాడి చేయడమంటే వేగం, ఎంత తొందరగా వెళ్లి కార్బన్ను తాకుతుంది అన్నది. రెండూ ఒకటి కాదు. మిథనాల్‌కు ఆక్సిజన్ మీద ఒక హైడ్రోజన్ ఉంటుంది, డీఎంఎస్ఓకు అలాంటిది లేదు. ఫ్లోరైడు చిన్నది, దాని విద్యుదావేశమంతా ఒక్క చోట కుదించుకుని ఉంటుంది, కాబట్టి ఆ హైడ్రోజన్లన్నీ దాన్ని చుట్టుముట్టి బిగించేస్తాయి. వాటిని విడిపించుకుని బయటికి రావడానికే దాని సత్తువంతా అయిపోతుంది. అయొడైడు పెద్దది, ఆవేశం పలచగా పరుచుకుని ఉంటుంది. దాన్ని ఎవరూ అంత గట్టిగా పట్టుకోరు, పైగా దాని ఎలక్ట్రాన్ల మేఘం మెత్తగా సాగుతుంది. అది తీరిగ్గా వెళ్లి కార్బన్ను తాకుతుంది.

ఆయన చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. ముఖం మీద మెల్లగా నవ్వు విచ్చుకుంది. "అంటే కొత్తల్లుడన్నట్టు. అత్తోళ్లింటికి వోతే మరదండ్లంత చుట్టూ కూసుంటరు. లేవనియ్యరు, బైటికి వోనియ్యరు. పాతల్లుడు, నాలెక్క పొట్టొచ్చినోడు, వాని దిక్కు ఎవలు సూడరు. వాడు బజారుకు వోయి పని జేసుకోని వస్తడు."

నాకు నవ్వాగలేదు. చాయ్ మీద పడింది. "మరి డీఎంఎస్ఓ?" అని నేనే అడిగాను.

"దాని తాన పట్టుకునే హైడ్రోజన్ లేదంటిరి కద. గది మరదండ్లు లేని ఇల్లు. పొటాషియంను పట్టుకుంటది, అల్లున్ని మాత్రం ఒక్కణ్ని ఇడిసిపెడ్తది. ఇగ వానికి అడ్డమేంది?"

ఎంఎస్సీలో ఈ పాఠం పరీక్షకు బట్టీపట్టినదాన్ని నేను. నాలుగు గుర్తులు, మధ్యలో మూడు బాణాలు, కింద ఒక ఫుట్‌నోట్. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అది నాకిలా నవ్వు తెప్పించలేదు. పైకి వస్తూ మెట్ల మీద ఆగిపోయాను. మెయిల్ వెళ్లిపోయింది కదా. వెనక్కి తీసుకోవాలంటే ఏం చెప్పి తీసుకోవాలో తోచలేదు. రియాక్షన్ మాత్రం ఇంకా కాలేదు, అది నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గురువారం పొద్దున వచ్చేసరికి ఆయన హుడ్డులో ఎనిమిది చిన్న గాజు వయల్స్ వరసగా తిరుగుతున్నాయి. నాలుగింట్లో మిథనాల్, నాలుగింట్లో డీఎంఎస్ఓ. ఒక్కోదాంట్లో ఒక్కో ఉప్పు. అన్నింట్లో అదే మెసిలేట్. మూడు ఉప్పులకు మా దగ్గర బాగా కరిగే రకాలున్నాయి, వాటినే వేశాడు. ఫ్లోరైడుకు మాత్రం తను తయారుచేసుకున్న పొడిని, క్రౌన్ ఈథర్‌తో.

"పర్మిషన్ లేకుండ ఎట్ల వెట్టినవ్?" అని గొంతు లేపాను.

"చిన్న చిన్నయే మేడం. చిటికెడు చిటికెడు. అల్లుడెక్కడ ఇరుక్కుండో సూద్దామని."

ఆ రోజు నేను వేరే పని ఏదీ చేయలేదు. ఇద్దరం గంటగంటకూ ఒక్కో చుక్క తీసి ప్లేట్ల మీద నడిపించాం. మచ్చలు ఒక్కొక్కటే పైకి ఎక్కుతుంటే, దీపం కింద ఊదారంగులో వెలుగుతుంటే, ల్యాబు హోరులో మేమిద్దరం ఏదో ఏటి ఒడ్డున కూర్చున్నట్టే అనిపించింది. మిథనాల్ వరసలో అయొడైడు అందరికంటే ముందు నడిచింది. దాని వెనక బ్రోమైడు. క్లోరైడు కుంటుకుంటూ. ఫ్లోరైడు కదల్లేదు. పుస్తకంలో ఉన్నట్టే. డీఎంఎస్ఓ వరసలో క్లోరైడు ముందుకొచ్చింది, దాని వెనక బ్రోమైడు, ఆ వెనక అయొడైడు. వరస తిరగబడింది. అదీ పుస్తకంలో ఉన్నట్టే. ఆ లెక్కన ఫ్లోరైడు అన్నింటికంటే ముందుండాలి. అదొక్కటే తోకలో ఉండిపోయింది.

"ముగ్గురు తిరిగిన్రు. ఒక్కడు తిరగలే" అన్నాడాయన మెల్లగా. "వీడు ఇంక అత్తోళ్లింట్లనే ఉన్నడు మేడం. డీఎంఎస్ఓకు రానే రాలే."

ఆ వయల్ను ఎల్‌సీఎంఎస్‌కు పంపించాం. అది అణువుల బరువులు చెప్పే యంత్రం. కాగితం చేతికొచ్చాక నేను ఫ్లోరో అణువు బరువు కోసం వెతికాను. అది పేరుకే ఉంది. ఆయన వేలు మాత్రం గ్రాఫులో దానికంటే పెద్దగా ఉన్న ఒక శిఖరం మీద ఆగింది. పాత మూడు రియాక్షన్ల కాగితాలు కూడా తెచ్చి పక్కన పెట్టాడు. మూడింట్లోనూ అదే శిఖరం. నేను దాన్ని ప్రతిసారీ చూసి, ఏదో మలినమని వదిలేశాను.

"గిదేంది మేడం? మనకు రావల్సినదానికంటె పన్నెండు ఎక్కువున్నది."

ఫ్లోరిన్ బరువు పంతొమ్మిది. దానికి పన్నెండు కలిపితే ముప్పై ఒకటి. ముప్పై ఒకటంటే మిథాక్సీ, మిథనాల్ తన హైడ్రోజన్ను పోగొట్టుకుని అంటుకుంటే మిగిలే ముక్క.  అంటే డీఎంఎస్ఓలో ఎక్కడో మిథనాల్ ఉంది. ఫ్లోరైడు కార్బన్ మీదికి వెళ్లలేక, దగ్గరున్న మిథనాల్ హైడ్రోజన్ను గుంజుతూ కూర్చుంది. అలా గుంజడంతో మిథనాల్ ఆక్సిజన్‌కు చురుకు పుట్టి, అదే వెళ్లి మెసిలేట్‌ను తన్నేసింది. దాడి చేయాల్సిన ఫ్లోరైడు బేసుగా మిగిలిపోయింది. దాని బలమే దాన్ని కట్టేసింది.

"డీఎంఎస్ఓల మిథనాల్ యాడికెళ్లి వచ్చిందన్నా?" అన్నాను.

"మిథనాల్ అంటె కేఎఫ్‌ల వేసిందే కద. అంత తీసేసిన మేడం. రోటా మీద యాభై డిగ్రీల పెట్టి, గలగల పొడి అయ్యేదాంక తీసిన. రవ్వ లెక్క అయింది. సూడుర్రి." సీసా తెరిచి వంపి చూపించాడు. నిజంగానే ఉప్మారవ్వలా జారింది. చూపుకు అంతకంటే ఆరిన పదార్థం ఉండదు. మా తేమ పరీక్ష నీళ్లను మాత్రమే పట్టుకుంటుంది, మిథనాల్ను పట్టదు. కాబట్టి ఆ పరీక్షలోనూ పాసయింది.

"రోటా తర్వాత వాక్యూమ్ ఓవెన్‌ల పెట్టలేదా? నూరు డిగ్రీలు, రాత్రంత?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీరు పొడి అయినంక వేయమన్నరు మేడం. పొడి అయింది, వేసిన."

అప్పుడు నాకు ఆ మాట వినిపించింది. పొడి. పొడి అంటే పిండిలా, రవ్వలా అయినది. పొడి అంటే తడి లేనిది కూడా. కారప్పొడి అన్నా అదే, పొడిబట్ట అన్నా అదే. ఆయన మొదటిది విన్నాడు. నేను రెండోది అన్నాను. యాభై డిగ్రీల దగ్గర విడిగా తిరిగే మిథనాల్ పోతుంది కానీ, ఫ్లోరైడు గట్టిగా పట్టుకున్నది పోదు. రవ్వ రవ్వలోనూ అది దాగి ఉండిపోయింది. ఈ తప్పు తెలుగులో పనిచేసే ల్యాబులో తప్ప ఇంకెక్కడా జరగదు అనిపించి, నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన కూడా నవ్వాడు. "ఓరి దీని తల్లి, ఒక్క మాటకు మూడు బ్యాచులు బర్బాద్!" అన్నాడు.

ఆ సాయంత్రం కేఎఫ్‌ను ఓవెన్‌లో పెట్టి, లోపలి గాలిని లాగేసే పంపు వేసి ఇళ్లకు వెళ్లాం. శుక్రవారం పొద్దున అది చూపుకు నిన్నటి రవ్వలాగే ఉంది, ఏ తేడా లేదు. డీఎంఎస్ఓలో వేశాం. మధ్యాహ్నం అన్నం తినొచ్చేసరికి మొదటి పదార్థం మచ్చ వెలిసిపోయింది. సాయంత్రానికి పూర్తిగా మాయమైంది. ఎల్‌సీఎంఎస్ కాగితంలో ఫ్లోరో అణువు కొండలా నిలబడి ఉంది. పన్నెండు ఎక్కువున్నది కనపడలేదు. పక్కన కొద్దిగా ఆల్కీన్ అనే ఉప పదార్థం ఉంది. ఒంటరిగా వదిలేసిన ఫ్లోరైడు గట్టి బేసు కూడా కాబట్టి, అక్కడక్కడ పక్క కార్బన్ మీది హైడ్రోజన్ను కూడా లాగేస్తుంది. అది మామూలే. ఆయన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ వెలుతురులో చూశాడు.  పిల్లులు రేకుల మీద దొర్లుతున్నాయి. నాకు ఆ క్షణం ఎంత సంతోషం వేసిందంటే, మెయిల్ సంగతి పూర్తిగా మర్చిపోయాను.

శనివారం మీటింగులో గుర్తొచ్చింది. పెద్దసారు లాప్‌టాప్‌లో నా మెయిలే తెరిచి ఉంది. ఎదురుగా ఆయన కూర్చున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. పెద్దసారు ఆ వాక్యాన్ని పైకే చదివారు, చేతిలో లోపం అన్నది. చదువుతుంటే ఆయన తల ఎత్తలేదు, నా వైపు చూడలేదు. నాకు తల తీసేసినట్టయింది.

"ఇప్పుడు రియాక్షన్ అయింది అంటున్నరు. మరి ఈ మెయిల్ ఏంది?" అన్నారు పెద్దసారు.

"పొడి అంటె నేను పొడి అనుకున్న సార్" అని ఆయనే మొదలుపెట్టాడు. సంగతి మొత్తం చెప్పాడు, అల్లుడు, మరదండ్లతో సహా. గదిలో అందరూ పడీపడీ నవ్వారు. పెద్దసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ధైర్యం వచ్చింది. "ఆయన చేతులు బాగున్నై సార్. బాగలేనిది నా నోరే" అన్నాను. మళ్లీ నవ్వారు.

"సరే, అది కాగితం మీద రాసియ్యండి. సాయంత్రంలోపల. హెచ్ఆర్‌కు పాత మెయిల్ పోయింది, దాని మీద మీ లెటర్ ఉంటేనే నేను సంతకం చేసేది" అన్నారు పెద్దసారు.

నా సీట్లో కూర్చుని టైప్ చేశాను. ఇంగ్లీషు నాకు బాగానే వస్తుంది. నా ఇన్‌స్ట్రక్షన్ యాంబిగ్యువస్‌గా ఉండడం వల్ల పొరపాటు జరిగింది అని రాశాను. ఆయన పక్కన నిలబడి నిదానంగా, ఒక్కో మాట మీదా ఆగుతూ చదివాడు.

"యాంబిగ్యువస్ అంటె ఏంది మేడం?"

"రెండు అర్థాలు వచ్చేటట్టు ఉన్నదని అన్నా."

ఆయన ఆ మాట మీద వేలు పెట్టాడు. "అయితె గా రెండిట్ల తప్పుది ఏరుకున్నది నేనే అన్నట్టు కద. హెచ్ఆరోళ్లు గట్లనే సదువుతరు." గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఒక లెక్క సరిచూసినట్టు అన్నాడంతే. "మీ ఇష్టం మేడం. జర సూడుర్రి." తన హుడ్డు దగ్గరికి వెళ్లిపోయాడు.

నేను తెర మీది వాక్యాన్ని మళ్లీ చదివాను. హుడ్లు హోరుమంటున్నాయి. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్న నన్ను నేను చూసుకున్నాను, ఎక్కడికో కలలో నడుస్తున్నట్టు. ఆ రోజు పొడి అన్నప్పుడు నా మనసులో తడి లేనిది అన్న అర్థం ఉందా? లేదు. ఓవెన్ ఉందా? అసలు లేదు. రాత్రంతా నూరు డిగ్రీల దగ్గర ఆరబెట్టాలన్న సంగతే నాకు ఆ క్షణాన గుర్తు లేదు. పొడి అన్నప్పుడు నేను కూడా ఆ రవ్వనే అనుకున్నాను. రెండో అర్థం నాకు గురువారం దొరికింది, దొరకగానే అదే నా మాట అని ఎత్తుకున్నాను. అందరూ నవ్వారు, నేనూ నమ్మాను.

వాక్యం మొత్తం కొట్టేశాను. ఆరబెట్టే పని చెప్పడం నేనే మర్చిపోయాను, ఆయన చేసినదాంట్లో తప్పేమీ లేదు, మంగళవారం నేను రాసింది అబద్ధం అని రాశాను.  ప్రింటు తీసి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. చదివాడు. ఈసారి ఏ మాటకూ అర్థం అడగలేదు.

"మెట్ల మీద మీరు తొందరల ఉన్నరు మేడం. ఏదో మర్సిపోయిన్రని నాకు అప్పుడే అనిపిచ్చింది" అన్నాడు. "అడుగుదామనుకున్న. మీ కోపానికి బయపడి అడగలే."